గ్రిఫిన్‌ను నూట యాభై మాటల్లో పట్టుకోవడం

ప్రీ ఫైనల్ పేపర్లు దిద్దుతున్నప్పుడు ఒక జవాబు దగ్గర నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ నవలలో గ్రిఫిన్ పాత్ర స్వభావాన్ని వివరించమని ప్రశ్న. ఆరు మార్కులు, 120 నుంచి 150 మాటల్లో రాయాలి. ఆ అమ్మాయి పేజీన్నర రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు, స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు. మంచు పడుతున్న రోజున ముఖానికి కట్లు కట్టుకున్న మనిషి ఐపింగ్ అనే పల్లెకు రావడం, సత్రం నడిపే మిసెస్ హాల్‌తో గొడవలు, అందరి ముందూ కట్లు విప్పేయడం, దేశదిమ్మరి మార్వెల్‌ని బెదిరించి లొంగదీసుకోవడం, డాక్టర్ కెంప్ ఇంట్లో దూరడం, చివరికి జనం చేతిలో చావడం. ఒక్క సంఘటన కూడా వదల్లేదు. ఆరుకి మూడు వేశాను.

మర్నాడు పేపరు పట్టుకుని వచ్చింది. “ఇందులో తప్పేముంది సార్?” అని అడిగింది.

“తప్పు లేదమ్మా. గ్రిఫిన్ ఏం చేశాడో రాశావు. అతను ఎలాంటివాడు అని కదా అడిగింది?”

“ఏం చేశాడో రాస్తే ఎలాంటివాడో తెలిసిపోదా సార్?”

ఆ ప్రశ్నకు నిలబడిన చోట జవాబు చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం అదే పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈ అధ్యాయంలో ఉన్నది అప్పటి నుంచి పిల్లలతో చేస్తూ వచ్చిన పని. ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ కొన్నేళ్ల పాటు సీబీఎస్ఈ 12వ తరగతి ఇంగ్లీషు కోర్‌లో పాఠ్యనవలగా ఉండేది. అదో, జార్జ్ ఎలియట్ ‘సైలస్ మార్నర్’ నవలో, రెండిట్లో ఒకటి చదవాలి. ఇవాళ మీ చేతిలో ఉన్న నవల వేరే కావచ్చు. అయినా ఒకే పాత్రను చివరిదాకా పట్టుకుంటేనే పద్ధతి కంటికి కనబడుతుంది కాబట్టి గ్రిఫిన్‌తోనే వెళ్దాం.

ముందు ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు. పేపరు దిద్దేవారికి కథ తెలుసు. ఆ రోజు ఆ కథనే పాతిక ముప్ఫై పేపర్లలో చదివి ఉంటారు. వారి దగ్గరుండే స్కీములో ఈ ప్రశ్న కింద సంఘటనల వరుస ఉండదు, గుణాలు ఉంటాయి. మేధావి, స్వార్థపరుడు, ఒంటరి, కోపిష్ఠి, అధికారం కోసం తహతహలాడేవాడు, ఇలా. వాటికి తోడు పాఠం నుంచి తగిన ఆధారం చూపిస్తే విషయానికి మూడు మార్కులు, భాషకీ అమరికకీ మూడు మార్కులు. కథంతా రాసినవాళ్ల జవాబులో ఈ గుణాలు ఉండవని కాదు. ఎక్కడో సంఘటనల మధ్య దాక్కుని ఉంటాయి. వాటిని వెతికి బయటికి తీయడం విద్యార్థి పని. ఆ పని విద్యార్థి చేయకుండా దిద్దేవారికి వదిలేస్తే, దిద్దేవారికి అంత తీరిక ఉండదు.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు ఇంకొకటుంది. అది గైడు చదివిన పిల్లల్లో కనిపిస్తుంది. “గ్రిఫిన్ ఎంతో తెలివైనవాడు. క్రూరుడు. స్వార్థపరుడు. అతనికి కోపం ఎక్కువ. సమాజాన్ని ద్వేషించాడు.” అయిదు వాక్యాలూ నిజమే. కానీ గ్రిఫిన్ పేరు తీసేసి మేరీ షెల్లీ నవలలోని ఫ్రాంకెన్‌స్టైన్ పేరు పెట్టండి, చాలావరకు సరిపోతుంది. ఇంకో నవలలో విలన్ పేరు పెట్టినా సరిపోతుంది. పేరు మార్చినా చెల్లిపోయే వాక్యం ఈ జవాబులో ఉండాల్సిన వాక్యం కాదు.

ఈ రెండు తప్పులకూ నేను పిల్లలకు నేర్పించే మందు రెండు చిన్న ప్రశ్నలు. ఒక గుణం రాయగానే “ఎప్పుడు?” అని అడుక్కోవాలి. ఒక సంఘటన రాయగానే “అంటే?” అని అడుక్కోవాలి. “గ్రిఫిన్ క్రూరుడు.” ఎప్పుడు? డ్రూరీ లేన్‌లో నాటకాల దుస్తులు అమ్మే దుకాణదారుణ్ణి వెనక నుంచి కొట్టి, నోరు కట్టేసి, దుప్పటిలో మూటగట్టి వదిలేసినప్పుడు. “గ్రిఫిన్ మిసెస్ హాల్ మీద విసుక్కున్నాడు.” అంటే? కోపిష్ఠి. ఇక్కడ ఆగి ఆలోచించాలి. అతను కోపిష్ఠి అని చెప్పడానికి అంతకంటే బలమైన ఘట్టాలు ఆ నవలలో డజను ఉన్నాయి, మిసెస్ హాల్ అవసరం లేదు. “అంటే?” అన్నదానికి కొత్త సమాధానం రాని సంఘటన ఎంత ఆసక్తిగా ఉన్నా జవాబులోకి రాకూడదు. ఆ అమ్మాయి పేజీన్నరలో సగం పైగా ఈ ఒక్క ప్రశ్నతోనే రాలిపోయింది.

అయితే ఏ సంఘటనలు ఏరుకోవాలి? పిల్లల దగ్గర నేను ఎక్కువసేపు ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. ఎందుకంటే ఈ నవలలో ఒక మెలిక ఉంది, అది తెలియక చాలామంది దెబ్బతింటారు.

వెల్స్ కథను మధ్యలో ఎత్తుకున్నాడు. మనం మొదటి పేజీలో గ్రిఫిన్‌ని చూసేటప్పటికే అతను అదృశ్యుడు. అతని పేరు కూడా మనకు తెలీదు. ఎవరో, ఎక్కడివాడో, ఎందుకొచ్చాడో పల్లె జనంతో పాటు మనమూ ఊహించుకుంటూ ఉంటాం. సగం నవల గడిచాక, గాయపడి కెంప్ ఇంట్లో చేరాక, అప్పుడు తన గతమంతా కెంప్‌కి చెప్పుకుంటాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కెంప్‌కి జూనియర్ అతను. తెల్లటి జుట్టు, ఎర్రటి కళ్లు ఉన్న కుర్రాడు, రసాయనశాస్త్రంలో పతకం కొట్టినవాడు. వైద్యం చదువు మధ్యలో వదిలి భౌతికశాస్త్రం వైపు మళ్లాడు. కాంతి అతన్ని పట్టుకుంది. తన పరిశోధనను ఒక ప్రొఫెసర్ కాజేస్తాడన్న భయంతో ఎవరికీ చెప్పకుండా ఏళ్లు గడిపాడు. డబ్బు అయిపోయింది. తండ్రి దగ్గరున్నది దొంగిలించాడు. ఆ సొమ్ము తండ్రిది కాదు, పరాయివాళ్లది. తండ్రి తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు.

చదివేటప్పుడు ఈ ఘట్టం నవల వెనక భాగంలో వస్తుంది. జీవితంలో మాత్రం ఇది అన్నిటికంటే ముందు జరిగింది. పేజీల వరుసలో రాసుకుంటూ పోయిన విద్యార్థి ఐపింగ్ దగ్గర మొదలుపెడతాడు. కాబట్టి అతని జవాబులో గ్రిఫిన్ ముందు వింత మనిషి, తర్వాత దొంగ, తర్వాత హంతకుడు. అలా రాస్తే చదివేవారికి అదృశ్యమవడం వల్లే ఇతను చెడిపోయాడు అనిపిస్తుంది. పేజీల వరుస పక్కనపెట్టి అతని వయసు వరుసలో సంఘటనలు పేర్చి చూడండి. అదృశ్యం కావడానికి ముందే తండ్రి చావు ఉంది. అదృశ్యం కావడానికి ముందే కింది వాటాలో ముసలావిడ పెంచుకునే పిల్లి ఉంది. ప్రాణమున్న జీవి మీద తన ప్రయోగం మొదట దాని మీదే చేశాడు. అది అరుస్తూనే కళ్ల వెనక పొర, గోళ్లు తప్ప మిగతా అంతా మాయమైపోయింది. ఆ ముసలావిడ పిల్లి కోసం తలుపు తట్టింది. ఇక్కడికి రాలేదు అన్నట్టు పంపేశాడు.

అంటే? అదృశ్యశక్తి గ్రిఫిన్‌ని చెడగొట్టలేదు. లోపల అప్పటికే ఉన్నదానికి అడ్డు తీసేసింది.

ఈ ఒక్క వాక్యం దొరికితే జవాబుకి వెన్నెముక దొరికినట్టే. దీన్ని నేను నిర్ణయ వాక్యం అంటాను. పాత్ర గురించి మీరు ఏం తేల్చుకున్నారో చెప్పే వాక్యం. ఇది గైడులో దొరకదు, సంఘటనలను జీవిత క్రమంలో పేర్చుకుంటేనే దొరుకుతుంది. అందుకే ఏ నవలైనా సరే, పరీక్షకు ముందు ఇంట్లో ఒక కాగితం మీద ముఖ్య పాత్ర జీవితాన్ని పుట్టుక నుంచి చివరిదాకా ఒక గీతలా గీసుకోండి. నవలలో ఏ అధ్యాయంలో చెప్పారన్నది పక్కన అంకె వేసుకోండి. గీత మీది వరుసకూ అధ్యాయాల వరుసకూ ఎక్కడ తేడా వస్తే అక్కడ ఆగి చూడండి. రచయిత ఆ విషయాన్ని ఆలస్యంగా ఎందుకు చెప్పాడో ఆలోచిస్తే పాత్ర అక్కడే తెరుచుకుంటుంది.

ఇప్పుడు ఒక సంఘటనను దగ్గరగా చూద్దాం. మళ్లీ ఆ తండ్రి చావే. ఆ అమ్మాయి పేపర్లో దీని గురించి ఒకే వాక్యం ఉంది: “అతను తండ్రి డబ్బు దొంగిలించాడు, తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు.” ఇది సంఘటన. ‘అంటే?’ లేదు. పుస్తకం తెరిచి ఆ పేజీ మళ్లీ చదవమన్నాను. తండ్రి అంత్యక్రియల రోజును గ్రిఫిన్ కెంప్‌కి ఎలా చెప్పాడో చూడమన్నాను. చదివింది. కాసేపు ఏం మాట్లాడలేదు.

“సార్, అతనికి బాధే లేదు” అంది. “తండ్రి మీద కొంచెం కూడా జాలి కలగలేదని అతనే అంటున్నాడు. తండ్రి పిచ్చి సెంటిమెంటు వల్లే చనిపోయాడన్నట్టు మాట్లాడుతున్నాడు.”

“అది ఎవరికి చెబుతున్నాడు?”

“కెంప్‌కి.”

“ఎందుకు చెబుతున్నాడు?”

మళ్లీ ఆగింది. “సాయం అడగడానికే కదా సార్. సాయం అడుగుతూ, నాన్న చావు గురించి ఇలా చెబితే అవతలివాడు ఏమనుకుంటాడో అని కూడా అనిపించలేదు ఇతనికి.”

దొంగతనం ఎవరైనా చేయవచ్చు. చేశాక తాను సాయం కోరుతున్న మనిషి ముందు దాన్ని దాచాల్సిన విషయంగా కూడా చూడకపోవడం, అది గ్రిఫిన్. అదే గదిలో దుకాణదారుణ్ణి కట్టేసిన సంగతి విని కెంప్ నొచ్చుకుని మానవత్వం మాట ఎత్తితే, గ్రిఫిన్ అవన్నీ మామూలు మనుషులకు అని కొట్టిపారేస్తాడు. ఈ రెండు చోట్లా మనకు అతని గుణం తెలిసేది అతను చేసిన పని వల్ల కంటే, చేసిన పనిని చెప్పుకున్న తీరు వల్ల. మూడు మార్కుల జవాబును అయిదు మార్కుల దాకా తీసుకెళ్లేది ఇలాంటి గమనింపే. పాత్ర చేసిన పని ఒక ఎత్తు, ఆ పని గురించి తను మాట్లాడిన మాట ఇంకో ఎత్తు, ఎదుటివాళ్లు దాన్ని ఎలా తీసుకున్నారన్నది మూడో ఎత్తు. మీరు ఎంచుకున్న ఒక్క సంఘటనలోనైనా ఈ మూడూ చూసుకుంటే చాలు. అన్ని సంఘటనల్లోనూ చూపాలని పోతే నూట యాభై మాటలు సరిపోవు.

మరి అతనిలో మంచి ఏమీ లేదా? ఈ ప్రశ్నను వదిలేసిన జవాబు సగమే. పరీక్షలో ముఖ్య పాత్ర గురించి అడిగారంటే ఆ పాత్రకు రెండో వైపు తప్పకుండా ఉంటుంది. లేకపోతే దాని చుట్టూ నవల నిలబడదు. గ్రిఫిన్ రెండో వైపు చాలామందికి కనబడదు, ఎందుకంటే అది జాలి పుట్టించే పెద్ద సన్నివేశంగా రాలేదు. లండన్ వీధుల్లో జనవరి చలిలో ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరుగుతాడు. బురద పాదాల గుర్తులు చూసి వీధి పిల్లలు వెంటబడతారు, కుక్కలు వాసన పడతాయి. ఏదైనా తింటే అరిగేదాకా అది కడుపులో కనబడుతుంది కాబట్టి నలుగురిలో తినలేడు. ఎవరికీ కనబడకపోతే లోకమంతా తనదే అనుకున్నవాడికి ఒక పూట వెచ్చగా పడుకునే చోటు లేకుండా పోయింది. ఐపింగ్‌లో ఆ గది తలుపులు వేసుకుని సీసాల మధ్య అతను రాత్రింబవళ్లు చేసిన పని ఏమిటి? మళ్లీ మామూలు మనిషిగా కనబడే దారి వెతకడం. ఈ ఒక్క వివరం జవాబులో పెట్టారంటే మీరు నవల చదివారని దిద్దేవారికి తెలిసిపోతుంది. గైడు మీద ఆధారపడినవాళ్లు ఐపింగ్‌లో అతను “ప్రయోగాలు చేసుకుంటున్నాడు” అని రాసి వదిలేస్తారు.

ఇక అసలు కాగితం మీద పెట్టే పని. అప్పటి వంద మార్కుల పేపరుకు మూడు గంటలు అంటే మార్కుకి రెండు నిమిషాల లోపే. ఆరు మార్కులకు పదకొండు నిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలు పెన్ను జవాబు మీద పెట్టొద్దు. పేజీ పక్కన పెన్సిలుతో నాలుగు మాటలు రాసుకోండి. గ్రిఫిన్‌కి నేను పిల్లల చేత రాయించేవి ఇవి: తండ్రి, దుకాణం, కెంప్ గది, శవం. నాలుగు చోట్లు, వయసు వరుసలో. ఒక్కో మాటకు రెండు నుంచి నాలుగు వాక్యాలు, ముందు ఒక నిర్ణయ వాక్యం. ఎనిమిది నిమిషాల్లో రాయొచ్చు, ఒక నిమిషం చదువుకోవడానికి మిగులుతుంది. అలా కట్టిన జవాబు ఇలా ఉంటుంది:

“గ్రిఫిన్ అసాధారణమైన మేధావి. అయితే తన పనికి అడ్డొచ్చినవాణ్ణి మనిషిగా చూడలేకపోవడం అతని లోపం. వైద్యం వదిలి భౌతికశాస్త్రానికి మారి, ఏళ్ల తరబడి ఒంటరిగా శ్రమించి అదృశ్యమయ్యే మార్గం కనిపెడతాడు. దానికోసం తండ్రి దగ్గరున్న పరాయి సొమ్ము దొంగిలిస్తాడు. తండ్రి ప్రాణం తీసుకున్నా అతనికి జాలి కలగదు. అదృశ్యం కాకముందే అతని మనసు బండబారిందన్నమాట. అదృశ్యమయ్యాక చలి, ఆకలి వెంటాడితే, బట్టల కోసం డ్రూరీ లేన్ దుకాణదారుణ్ణి కొట్టి కట్టేస్తాడు. కెంప్ నొచ్చుకున్నా అది తప్పని ఒప్పుకోడు. మార్వెల్ తన పుస్తకాలతో పారిపోయాక కోపం పగగా మారుతుంది. జనాన్ని భయంతో ఏలుదామని కెంప్‌తో అనే సరికి శాస్త్రవేత్త పోయి నియంత మిగులుతాడు. అయినా ఐపింగ్‌లో అతను వెతికింది మళ్లీ మామూలు మనిషయ్యే దారినే. ఆ దారి చావుతోనే దొరుకుతుంది. జనం కొట్టిన దెబ్బలకు ప్రాణం పోయాక, ముప్పై ఏళ్ల యువకుడి శరీరం మెల్లమెల్లగా అందరికీ కనబడుతుంది.”

తెలుగులో ఇది వంద మాటలు దాటలేదు. ఇంగ్లీషులో రాస్తే ఆర్టికల్సూ ప్రిపొజిషన్లూ కలిసి నూట నలభైకి చేరుతుంది. ఆలోచన తెలుగులో కట్టుకుని, రాసేటప్పుడు ఇంగ్లీషులోకి వెళ్లే పిల్లలకు ఈ లెక్క గుర్తుండాలి. తెలుగులో నూట యాభై మాటల సరుకు పోగేసుకుంటే ఇంగ్లీషులో రెండు వందలు దాటిపోతుంది, చివరి భాగం కొట్టేయాల్సి వస్తుంది. కొట్టేసేది ఎప్పుడూ శవం భాగమే అవుతుంది, అది జవాబుకు ముగింపు. ఇంకో సంగతి. ‘అంటే’ అన్నచోటల్లా ఇంగ్లీషులో “దిస్ షోస్ దట్” అని పెట్టుకుంటూ పోతే మూడోసారికి చదివేవారికి విసుగు పుడుతుంది. ఒకసారి పెట్టండి. మిగతా చోట్ల పై జవాబులో లాగా గుణాన్ని సంఘటనలోనే కలిపేయండి. “కెంప్ నొచ్చుకున్నా అది తప్పని ఒప్పుకోడు” అన్న వాక్యంలో ‘అంటే’ లేదు, దాని పని మాత్రం జరిగిపోయింది. నవలలో ప్రస్తుతం జరుగుతున్నవి వర్తమాన కాలంలోనే రాయడం ఇంగ్లీషు జవాబుకి అలవాటు. ఒక వాక్యం ‘అన్నాడు’ అని, ఇంకోటి ‘అంటాడు’ అని కలగాపులగం చేస్తే భాషకున్న మార్కు పోతుంది.

ఆ జవాబులో ఏం లేదో కూడా చూడండి. విక్‌స్టీడ్ హత్య లేదు. అది నవలలో ఘోరమైన సంఘటనే, కానీ దాన్ని కళ్లారా చూసినవాళ్లు కథలో ఎవరూ లేరు. రక్తం అంటిన ఇనపకడ్డీ దొరుకుతుంది, విక్‌స్టీడ్ ఏదో వెంబడిస్తున్నట్టు పోవడం ఒక చిన్నపిల్ల చూస్తుంది. మిగతాది కథకుడి ఊహ. “గ్రిఫిన్ సరదా కోసం విక్‌స్టీడ్‌ని చంపాడు” అని రాసే పిల్లలు ఏటా ఉండేవారు. పుస్తకం చెప్పని కారణాన్ని పుస్తకం చెప్పినట్టు రాస్తే, జాగ్రత్తగా చదివినవారు అక్కడే పట్టుకుంటారు. ఆ సంఘటన వాడాలనుకుంటే “ఆధారాలన్నీ గ్రిఫిన్ వైపే చూపిస్తాయి” అనేంత వరకే వెళ్లండి.

సినిమాలు చూసి రాయడం ఇంకో ప్రమాదం. 1933లో జేమ్స్ వేల్ తీసిన సినిమాలో గ్రిఫిన్‌కి ప్రేమించిన అమ్మాయి ఉంది, ఒక మందు అతనికి పిచ్చి ఎక్కిస్తుంది. నవలలో ఆ రెండూ లేవు. మందు వల్ల పిచ్చివాడయ్యాడని రాసిన మరుక్షణం మీ నిర్ణయ వాక్యం కూలిపోతుంది, ఎందుకంటే వెల్స్ అతనికి ఆ సాకు ఇవ్వలేదు. తండ్రి డబ్బు తీసినప్పుడు అతని రక్తంలో ఏ మందూ లేదు.

ప్రశ్న కొద్దిగా మారినా భయపడాల్సిన పని లేదు, అవే నాలుగు చోట్లు తిరిగి అమర్చుకుంటే చాలు. “గ్రిఫిన్ విలనా, బాధితుడా?” అంటే లండన్ చలితో మొదలుపెట్టి, తండ్రి దగ్గర ముగించండి. అప్పుడు జాలితో వెళ్లిన చదువరి తీర్పుతో తిరిగొస్తాడు. ఏదో ఒక పక్షం తీసుకోండి. “రెండూ” అని రాసి ఊరుకోవద్దు. “శాస్త్రవేత్తగా గ్రిఫిన్” అని అడిగితే కెంప్‌ని పక్కన నిలబెట్టండి. కెంప్ కూడా పరిశోధకుడే, రాయల్ సొసైటీ ఫెలోషిప్ కోసం కలలు కంటున్నవాడే. పేరు అతనికీ కావాలి, కానీ తోటి శాస్త్రవేత్తల గుర్తింపు ద్వారా కావాలి. గ్రిఫిన్ మూడు నోటు పుస్తకాల్లో అంతా సంకేతాల్లో రాసుకుని దాచుకున్నాడు. చివరికి వాటిని ఒక్క ముక్క కూడా అర్థం చేసుకోలేని మార్వెల్ చేతికి పోతాయవి.

ఆ అమ్మాయి ఫైనల్‌కి వారం ముందు ఆ ప్రశ్నకే మళ్లీ జవాబు రాసి తెచ్చింది. ఈసారి అరపేజీ. మొదటి మాట ఐపింగ్ కాదు. రెండో వాక్యంలో తండ్రి ఉన్నాడు. అంత్యక్రియల మాట దగ్గర తనే రాసుకున్న ఒక పదబంధం ఉంది. ఇంగ్లీషు కొంచెం వంకరగా ఉన్నా అర్థం ఇది: ‘సాయం అడుగుతూ కూడా సిగ్గుపడటం తెలియనివాడు.’ దాన్ని సరిచేయకుండా, కింద సన్నగా గీత గీసి పేపరు ఇచ్చేశాను.